పెద్దమ్మ కుడి రెప్ప, రెండు సాక్ష్యాలు

రెప్ప వాలిందని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు వయసు చెబుతారు, తర్వాత రెప్ప సంగతి చెబుతారు. అరవై దాటాయండీ, ఇంకేముంటుందండీ అంటారు. రోగం పేరు వాళ్ళే పెట్టుకుని, వైద్యం అక్కర్లేదని వాళ్ళే తేల్చేసుకుని, ఇక నేను అవునంటే చాలన్నట్టు కుర్చీ అంచున కూర్చుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

మా కంటి ఆసుపత్రి విజయవాడ వన్ టౌన్‌లో, ఒక హోల్‌సేల్ వీధిలో మేడ మీద ఉంది. కింద బస్తాలు దింపే తోపుడు బళ్ళు, ఆటోల హారన్లు. పైన రెండు బెంచీల నిండా జనం, నేను, మా సీనియర్ డాక్టరు గారు. ఆసుపత్రి ఆయనది. నేను అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా ఊళ్ళో చాలా కంటి ఆసుపత్రుల్లో ఉన్నదే. వచ్చిన మనిషి చేత గోడ మీద అక్షరాలు చదివిస్తారు. వయసు నలభై దాటినా, సుగర్ ఉందని చెప్పినా, సిస్టర్ కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి కళ్ళు మూసుకుని కూర్చోమంటుంది. అరగంటకు డాక్టరు పిలిచేసరికి పాపలు విచ్చుకుని ఉంటాయి. శుక్లం, కంటి వెనక పొర, అన్నీ ఒకేసారి చూసేయొచ్చు. జనం తాకిడి ఉన్నచోట ఈ పద్ధతి లేకపోతే మధ్యాహ్నం భోజనం రాత్రికి తినాల్సిందే. నేనూ ఈ పద్ధతికి అలవాటుపడినదాన్నే.

ఆ సోమవారం మా పెద్దమ్మ వచ్చింది. మా అమ్మకు అక్క. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉంటుంది. పెదనాన్నకు చెరకు తోట, కొద్దిగా మాగాణి. చిన్నప్పుడు మా అమ్మ టీచరు ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతుంటే నేను పెద్దమ్మ దగ్గరే పెరిగాను. బైబిలు వాక్యం చదవడం, పాట పాడడం, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో, అన్నీ ఆవిడే నేర్పింది. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

వచ్చింది గాని, వచ్చానని నాకు చెప్పలేదు. "డాక్టరమ్మ పెద్దమ్మనని ముందుకు పోతే వెనకున్నోళ్ళు తిట్టుకోరా" అనేది ఆవిడ వాదన. చీటీ తీసుకుని, పెదనాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, అందరితోపాటు బెంచీ మీద కూర్చుంది. సిస్టర్ వచ్చి సుగర్ ఉందా అమ్మా అంది. ఉందమ్మా అంది. రెండు కళ్ళలోనూ చుక్కలు పడ్డాయి, ఒకసారి కాదు, ఆగి ఆగి మరోసారి కూడా.

నా గదిలోకి వచ్చినప్పుడు ఆవిడ నవ్వుతోంది. "ఏవే, నీకూ రోగులు దొరుకుతున్నారే పర్లేదు" అంది.

నేను నవ్వలేదు. పెద్దమ్మకు రెండు రెప్పలూ కొంచెం కిందికి దిగి ఉండడం నాకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళ నుంచి మెల్లమెల్లగా దిగుతూ వచ్చాయి. రెప్పను పైకి లాగే కండకు, రెప్పకు మధ్య ఒక పల్చటి పట్టీ ఉంటుంది. వయసు మీద పడ్డకొద్దీ అది సాగి పట్టు వదులుతుంది. కండ మాత్రం బాగానే ఉంటుంది. రెప్ప మీద మడత పైకి జరుగుతుంది, మనిషి నుదురు ముడిచి కనుబొమలతో రెప్పల్ని ఎత్తుకుంటూ చూస్తుంది. అలాంటి రెప్ప నిన్నటికీ ఇవాళ్టికీ ఒకేలా ఉంటుంది. చూపుకు అడ్డమైనప్పుడు చిన్న ఆపరేషన్ చేయించుకుందువుగాని అని నేనే ఆవిడకు చెప్పి ఉన్నాను.

కానీ ఆ రోజు ఎడమ రెప్ప ఎప్పటిలాగే ఉంది. కుడి రెప్ప మాత్రం కంటిని దాదాపు కప్పేసింది. సన్నటి సందు మాత్రమే మిగిలింది.

"ఎప్పటి నుంచి?"

"మొన్న శనివారం పొద్దున లేచేసరికి పడిపోయింది. నువ్వు చెప్పావుగా, ఆ ఆపరేషనేదో చేసెయ్యి. ఇందాక ఆ పిల్ల చుక్కలేశాక కాస్త లేచింది కూడా."

పెదనాన్న తల ఊపాడు. "అవునమ్మా, పొద్దున అసలు సందే లేదు. మందు పనిచేస్తన్నట్టుంది."

ఆ చుక్కల్లో పాపను పెద్దది చేసే మందుతోపాటు, రెప్పలో ఉండే ఇంకో చిన్న కండను బిగించే మందు కూడా ఉంటుంది. అది ఏ రెప్పనైనా ఒక పిసరు ఎత్తుతుంది. నయమైనట్టు కనిపిస్తుంది గాని నయం కాదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. రెప్ప ఉన్నట్టుండి పడిపోయిన మనిషిలో మేము అన్నిటికన్నా ముందు చూడాల్సింది పాపల్ని. ఆ వైపు పాప పెద్దదిగా ఉంటే లోపల ఏదో నరాన్ని నొక్కుతోందని భయపడాలి. రెప్ప కొద్దిగానే వాలి, ఆ వైపు పాప చిన్నదిగా ఉంటే అది మెడ గుండా వచ్చే ఇంకో నరం సంగతి, దానికీ అదే రోజు కదలాలి. ఇప్పుడు పెద్దమ్మ పాపలు రెండూ మా చుక్కలకు విచ్చుకుని, నల్లగా, ఒకే కొలతలో ఉన్నాయి. చుక్కలకు ముందు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు.

సిస్టర్ని పిలిచి నాలుగు మాటలన్నాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, రోజూ అందరికీ చేసేదే చేసింది. పెద్దమ్మ వెంటనే అడ్డుపడింది. "ఆ పిల్లనెందుకే అంటావు? అడిగింది, చెప్పాను, వేసింది."

చుక్కలు చెరపలేని గుర్తులు కొన్ని మిగిలాయి. బొటనవేలితో ఆవిడ కనుబొమను నొక్కిపట్టి, కిందికి చూడు, ఇప్పుడు పైకి చూడు అన్నాను. పక్కన స్కేలు పెట్టి చూస్తే ఎడమ రెప్ప చక్కగా పైదాకా వెళ్ళింది. కుడిది కదిలీ కదలనట్టు కదిలి ఆగిపోయింది. సాగిన పట్టీ అలా చేయదు. సాయంత్రానికి ఎక్కువవుతోందా, పొద్దున తేలిగ్గా ఉంటోందా, మింగడం కష్టంగా ఉందా అని అడిగాను. కండరాలు అలిసిపోయే జబ్బులో రెప్ప పూట పూటకీ మారుతుంది. లేదు, పొద్దునా సాయంత్రం ఒకటే అంది. తలనొప్పి ఉందా అన్నాను.

"గురువారం నుంచి ఈ కనుబొమ వెనక పోటు. వేడి చేసిందనుకున్నా."

"రెండేసి కనిపించాయా?"

ఆవిడ ముఖం వెలిగింది. నాకు ఇప్పటికీ ఆ వెలుగు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

"శుక్రవారం కనపడ్డాయే. గేదెలు రెండు, స్తంభాలు రెండు, మీ పెదనాన్నలు ఇద్దరు. ఒకడితోనే వేగలేకపోతుంటే. రాత్రి మోకాళ్ళేసి ప్రార్థన చేసుకున్నా. తెల్లారేసరికి ఒకటే. రెప్ప పడితే పడింది, చూపు బాగుపడింది. నిన్న చర్చిలో సాక్ష్యం చెప్పాను."

మా చర్చి సంఘాల్లో సాక్ష్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఆదివారం ఆరాధనలో మనిషి అందరి ముందూ నిలబడి చెబుతుంది. విన్నవాళ్ళు స్తోత్రం అంటారు. ఒకసారి చెప్పాక అది ఆవిడ ఒక్కదాని మాట కాదు, సంఘమంతటిదీ అవుతుంది. ఇంటికెళ్ళి పిల్లలకు చెబుతారు, ఫోన్లో కూతుళ్ళకు చెబుతారు. మా పెద్దమ్మ ఊరికే నిలబడే మనిషి కూడా కాదు. ఏళ్ళ తరబడి స్త్రీల ప్రార్థన కూటం నడిపిస్తోంది.

సీనియర్ గారి గదిలోకి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన మంచివాడు, తొందర లేని మనిషి. వచ్చి చూశారు. "సుగర్ పేషెంటు కదమ్మా. సుగర్‌కి రెప్పనీ కంటినీ కదిపే ఈ నరం దెబ్బతినడం మనం చూస్తూనే ఉంటాం. రెండు మూడు నెలల్లో దానంతటదే వస్తుంది. పాప బాగుంటే భయం లేదు" అన్నారు.

"పాప బాగుందో లేదో మనకి తెలీదు సార్. చుక్కలు వేసేశాం."

"సాయంత్రానికి చుక్కల బలం తగ్గుతుంది. రేపు పొద్దున ఖాళీ కళ్ళతో చూసి నిర్ణయిద్దాం. అనవసరంగా వాళ్ళని ఎందుకు కంగారుపెట్టడం?"

ఆయన చెప్పింది అర్థం లేని మాట కాదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. సుగర్ వల్లే అయితే రేపటికీ ఎల్లుండికీ తేడా లేదు. సుగర్ వల్ల కాకపోతే, మెదడు కింద రక్తనాళం గోడ ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బి, పక్కనే పోతున్న అదే నరాన్ని ఒత్తుతోందేమో. అలాంటి ఉబ్బు నొప్పితో, కొత్తగా రెప్పను పడేసిందంటే, అది ఎప్పుడైనా పగలొచ్చు. పగిలితే చాలామంది ఆసుపత్రి గుమ్మం కూడా చూడరు. ఈ రెంటినీ విడదీసి చెప్పే గుర్తును మేమే తుడిచేసి, అది తిరిగి వచ్చేదాకా ఆవిణ్ణి ఆగమనడం నాకు మనసొప్పలేదు. తెలియనప్పుడు చెడ్డదే అనుకుని నడవాలి. సార్‌తో ఆ మాటే అన్నాను. గొంతు పెరిగింది కూడా. ఆయన ఫోన్ అందుకుని, "సరే, పంపించు. నేను ఫోన్ చేసి చెబుతాను" అన్నారు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

మెదడు డాక్టర్లు, స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్ళాలి అన్నాను పెద్దమ్మతో. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఎందుకే? బాగుపడిందంటున్నాగా. సాయంత్రం మనింట్లో కూటం ఉంది. పాతికమంది వస్తారు. దేవుడు బాగుచేశాడని నిన్ననే చెప్పి, ఇవాళ పెద్దాసుపత్రిలో పడుకుంటే ఏమనుకుంటారు?"

"అనుకోనీ. సాక్ష్యం సంగతి తర్వాత, ముందు నువ్వు బతకాలి."

అనకూడని మాట అది. ఆవిడ లేచి నిలబడింది. "పదండి" అంది పెదనాన్నతో. ఆయన చెప్పులు వేసుకోబోయాడు. పెద్దమ్మ మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు ఆయన.

నేను తలుపుకు అడ్డంగా వెళ్ళాను. చేయి చాచి ఆవిడ కుడి రెప్పను వేలితో పైకెత్తి పట్టుకున్నాను. కనుగుడ్డు చెవి వైపుకు తిరిగి, కొంచెం కిందికి దిగి ఉంది. ముక్కు వైపు చూడు అంటే రాలేదు. పైకి చూడు అంటే రాలేదు.

"రెండు కళ్ళతో నన్ను చూడు. ఎంతమంది?"

ఆవిడ చూసింది. మళ్ళీ చూసింది.

"ఏంటి?" అన్నాడు పెదనాన్న.

"ఇద్దరున్నారయ్యా."

రెప్ప వదిలాను. అది మెల్లగా దిగిపోయింది. "ఇప్పుడు?"

"ఒక్కతే."

ఎవరూ ఆవిడకు వివరించాల్సిన పని లేకపోయింది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తనంతట తనే వేలితో రెప్ప ఎత్తుకుని ఒకసారి, వదిలి ఒకసారి, గోడ మీది అక్షరాల వైపు చూసుకుంది. బాగైందని ఆవిడ పొందిన సంతోషం అంతా ఆ రెప్ప చాటున రెండో బొమ్మ కనపడకపోవడమే. కన్ను శుక్రవారం ఎలా ఉందో ఇంకా అలాగే ఉంది, లేకపోతే అంతకన్నా పాడైంది.

"అయితే నేను దేవుడి పేరు మీద అబద్ధం చెప్పానా?"

"లేదు పెద్దమ్మా. నీకు కనపడిందే చెప్పావు."

"చెప్పింది నిజం కాదుగా." రెప్ప మీంచి వేలు తీసేసింది. "అయితే నన్ను ఇంటికి పోనీ. కూటంలో అందరి ముందూ తప్పైందని చెప్పి, రేపు పొద్దున నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను."

ఆసుపత్రి వద్దన్నప్పటి కంటే ఇప్పుడు నాకు ఎక్కువ భయమేసింది. మొండితనాన్ని అరిచైనా లొంగదీయొచ్చు గాని, మనస్సాక్షితో ఎవరు వాదించగలరు? ఉయ్యూరు బస్సు, కుదుపులు, ఇంట్లో పాతికమంది, నిలబడి పాటలు, రాత్రి. నేను ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి అలా కూర్చునేదాన్ని.

"ఈలోగా నీకేమైనా అయితే, నిన్న చెప్పిందే నీ ఆఖరి సాక్ష్యం అవుద్ది. దిద్దడానికి నువ్వుండవు" అన్నాను.

ఆ మాట అంటూనే ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. నా తల మీద చేయి వేసి, పెదనాన్న వైపు తిరిగి, "కూటం లేదని ఫోన్ చెయ్యండి" అంది.

స్కానింగులో ఉబ్బు కనిపించింది. చిన్నదే, ఒక శనగ గింజంత. పెద్దాసుపత్రి డాక్టరు గారు తెర మీద నాకు చూపించి, నరం ఎక్కడ నుంచి పోతుందో పెన్ను కొసతో గీసి చూపించారు. రెండూ తగులుతున్నచోట పెన్ను ఆగింది. మర్నాడు పొద్దునే దాన్ని మూసేద్దాం, ఈలోగా మంచం దిగనివ్వకండి, బీపీ పెరగనివ్వకండి అన్నారు.

సాయంత్రం ఆవిడ మంచం పక్కన కూర్చున్నప్పుడు చుక్కల బలం తగ్గింది. టార్చి వేసి చూశాను. ఎడమ పాప వెలుతురుకు చటుక్కున చిన్నదైంది. కుడిది అలాగే ఉండిపోయింది, పెద్దగా, నల్లగా, వెలుతురు పడ్డ సంగతే తనకు తెలియనట్టు. రేపు పొద్దున చూద్దామనుకున్న గుర్తు అదే. ఇంట్లో ఉండి ఉంటే ఈ పాటికి ఆవిడ నిలబడి వాక్యం చదువుతూ ఉండేది. టార్చి ఆర్పేసి వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. అంత భయం నేను మళ్ళీ పడలేదు.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఉబ్బు లోపల మెత్తటి తీగ చుట్టలు నింపి మూసేశారు. బతికింది. అయితే ఇల్లలకగానే పండగ కాదు. రెప్ప లేవడానికి వారాలు పట్టింది. లేచినకొద్దీ రెండో బొమ్మ బయటికొచ్చింది. ఆ నెలలన్నీ ఆవిడ కుడి కంటికి గుడ్డ కట్టుకుని వంట చేసింది, గ్లాసులోకి పోయబోయి బయట పోసింది, మెట్టు ఉన్నచోట లేదనుకుని, లేనిచోట ఉందనుకుని తడబడింది. నామీద కోప్పడింది కూడా. "మూసి ఉన్నప్పుడే నయం" అనేది. నేను మాటలు పడేదాన్ని. కన్ను చాలావరకు దారికొచ్చింది. పైకి చూస్తే ఇప్పటికీ రెండు కనిపిస్తాయి.

మా ఆసుపత్రిలో సిస్టర్ ఇప్పుడు చుక్కలకు ముందు టార్చి వేసి పాపలు చూసి చీటీ మీద రాస్తుంది, రెప్పలో తేడా ఉంటే సీసా పక్కనబెట్టి నన్ను పిలుస్తుంది. సార్ ఒప్పుకున్నారు. భోజనం కొంచెం ఆలస్యమవుతోంది.

గుడ్డ కట్టుకోవడం మానేశాక ఒక ఆదివారం పెద్దమ్మ నన్ను రమ్మంది. వెళ్ళాను. దారిలో పెదనాన్న, "కృతజ్ఞత చెప్పి కూర్చో, పాతవన్నీ ఎందుకు తవ్వడం" అన్నాడు. పాస్టరు గారు కూడా మెత్తగా అదే అన్నారు. ఆవిడ ఇద్దరికీ తలూపింది.

సాక్ష్యాల సమయంలో లేచింది. కుడి రెప్ప ఎడమ దానికంటే ఇంకా ఒక పిసరు కిందే ఉంది. బెంచీ అంచు పట్టుకుని నిలబడింది.

"ఆ రోజు నేను ఇక్కడ చెప్పింది నిజం కాదు. నాకు బాగవలేదు. రెప్ప పడి కన్ను మూసుకుపోయింది, అందుకని ఒకటే కనపడింది. నాకు తెలియక బాగైందని చెప్పాను, మీరు నమ్మారు. మీలో ఎవరికైనా రెప్ప ఉన్నట్టుండి పడితే, తలనొప్పి ఉంటే, రెండేసి కనపడితే, కనపడి మానేసినా సరే, ప్రార్థన చేసుకుంటానే ఆ రోజే ఆసుపత్రికి పోండి. వయసని కూర్చోకండి. నేను కూర్చున్నాను. చచ్చిపోయేదాన్ని."

ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఒకావిడ తల దించుకుంది. ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. పాస్టరు గారు పాటల పుస్తకం తెరిచి మూశారు. నాకు పరుగెత్తుకెళ్ళి ఆవిణ్ణి కూర్చోబెట్టాలనిపించింది.

ఆవిడ కూర్చోలేదు. పేరుపేరునా తెలిసిన ఆ ముఖాలన్నిటినీ ఇటు నుంచి అటు చూసింది.

"స్తోత్రం అనరేంటి? బతికే ఉన్నాగా" అంది.